బడ్జెట్ టీవీ కొంటున్నారా? డబ్బా మీద రాసింది పక్కనపెట్టి నలుపు చూడండి

ఈ రాత్రి ఒక పని చేయండి. మీ ఇంట్లో ఉన్న టీవీలో ఏదో ఒక తెలుగు సినిమా పెట్టి, గదిలో లైట్లన్నీ ఆర్పేసి, బొమ్మకి పైనా కిందా వచ్చే నల్ల పట్టీల వైపు చూడండి. అవి నిజంగా నల్లగా ఉన్నాయా, లేక బూడిద రంగులో వెలుగుతున్నాయా? మన సినిమాల్లో ఎక్కువ శాతం స్కోప్‌లో తీస్తారు, టీవీ తెరేమో అంత వెడల్పుగా ఉండదు, కాబట్టి 43 అంగుళాల టీవీలో 21 అంగుళాల ఎత్తుకి దాదాపు అయిదున్నర అంగుళాలు ఈ పట్టీలే తినేస్తాయి. అంటే మీరు డబ్బు పెట్టి కొన్న తెరలో పావు వంతుకి, సినిమా నడిచినంత సేపూ, నల్లగా కూర్చోవడం ఒక్కటే పని. చవక టీవీల్లో చాలావాటికి ఆ ఒక్క పనీ చేతకాదు.

ఎందుకు చేతకాదో అర్థమైతే కొనడంలో సగం గందరగోళం పోతుంది. ముప్పై వేల లోపు దొరికే టీవీలన్నీ, డబ్బా మీద ఏం రాసున్నా, ఎల్‌సీడీ టీవీలే. తెర వెనకాల ఎల్‌ఈడీ పట్టీలు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి, ముందున్న లిక్విడ్ క్రిస్టల్ పొర కిటికీ రెక్కల్లాగా ఆ వెలుతురుని ఎక్కడ ఎంత వదలాలో అంత వదులుతుంది. నలుపు చూపించాలంటే రెక్క మూసుకోవాలి. కానీ ఏ రెక్కా పూర్తిగా మూసుకోదు, సందుల్లోంచి కొంత కారుతుంది. ఆ కారేది ఎంత అన్నదే కాంట్రాస్ట్. తెర వెలుగుని నిట్లలో కొలుస్తారు, తెలుపు 300 నిట్ల వెలుగులో ఉన్నప్పుడు కాంట్రాస్ట్ 1000:1 ఉన్న తెరలో నలుపు 0.3 నిట్లు, 4000:1 ఉన్న తెరలో 0.075 నిట్లు. నాలుగో వంతు. పగలు ఈ తేడా తెలియదు, లైట్లు ఆర్పేశాక మాత్రం కంటికి బాగా ఆనుతుంది.

ఈ రెండు అంకెలూ రెండు రకాల ప్యానెల్స్‌వి. ఐపీఎస్ రకం (కొన్ని కంపెనీలు ఏడీఎస్ అని వేరే పేరుతో ఇచ్చేదీ ఈ జాతే) 1000:1 చుట్టుపక్కల ఉంటుంది. వీఏ రకం మూడు వేల నుంచి అయిదారు వేల దాకా వెళ్తుంది. మరి అందరూ వీఏనే కొనొచ్చు కదా అంటే, దానికో జబ్బుంది. ఎదురుగా కూర్చుంటే అద్భుతంగా ఉండే బొమ్మ, పక్కకి జరిగేకొద్దీ వెలిసిపోతుంది, ముఖాలు పాలిపోతాయి, ఎర్ర చీర నారింజ చీర అవుతుంది. ఐపీఎస్ పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారవు. డబ్బా మీద రెండింటికీ 178 డిగ్రీలు అనే రాసుంటుంది. అది ఎందుకూ పనికిరాని అంకె, దాన్ని పట్టించుకోకండి.

ఇక్కడ చిక్కేమిటంటే, ఏ ప్యానెలో కంపెనీలు చాలాసార్లు చెప్పవు. పైగా ఒకే మోడల్‌లో 43 అంగుళాలది ఒక రకం, 55ది ఇంకో రకం ఉండొచ్చు, ఒకే సైజులో కూడా ఏ నెలలో తయారైంది అన్నదాన్ని బట్టి మారొచ్చు. అందుకని యూట్యూబ్‌లో ఎవరో పెద్ద సైజుది రివ్యూ చేసి బాగుందన్నారని చిన్న సైజు ఆర్డర్ పెట్టేయకండి. స్పెసిఫికేషన్ల పేజీలో మామూలు కాంట్రాస్ట్, అంటే నేటివ్ లేక స్టాటిక్ అని ఇస్తే అది చూడండి: నాలుగైదు వేలు ఉంటే వీఏ, వెయ్యి నుంచి పదమూడు వందల మధ్య ఉంటే ఐపీఎస్. "డైనమిక్" అని లక్షల్లో రాసుంటే అది వెనక లైటుని మొత్తంగా పెంచీ తగ్గించీ లెక్కేసిన అంకె, దానితో మనకి పని లేదు.

షోరూమ్‌కి వెళ్తే ఇంకా తేలిక. తెర మీద ఏదైనా ముఖం కనిపిస్తుండగా నాలుగడుగులు పక్కకి నడవండి, రంగు వెలిసిపోతే వీఏ. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే తెల్లటి తెరకి ఫోన్ కెమెరా బాగా దగ్గరగా పెట్టి మాక్రోలో ఫోటో తీయండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలు నిటారుగా ఇటుకల్లాగా పేర్చినట్టుంటే అది వీఏ అనుకోవచ్చు, బాణం కొసలాగా వంకరగానో ఏటవాలుగానో ఉంటే ఐపీఎస్. షోరూమ్‌లో మీకు కనిపించే బొమ్మని మాత్రం నమ్మొద్దు. అక్కడ టీవీలన్నీ Vivid మోడ్‌లో, వెనక లైటు చివరి దాకా తిప్పేసి, పూలూ చిలకలూ ఉన్న డెమో వీడియోతో నడుస్తుంటాయి, పైన లైట్ల వెలుగులో నలుపు ఎంత చెత్తగా ఉన్నా తెలియదు. సేల్స్ అబ్బాయిని అడిగి మోడ్ Cinema లేక Movieకి మార్పించండి, పెన్‌డ్రైవ్‌లో ఒక రాత్రి సీను, ఒక పూర్తి నల్ల ఫోటో, ఒక బూడిద రంగు ఫోటో వేసుకెళ్ళండి. బూడిద రంగు దేనికంటే, వెనక లైటు సమానంగా పరుచుకోకపోతే దాని మీద మురికి మరకల్లాగా కనిపిస్తాయి. క్రికెట్ చూసేటప్పుడు కెమెరా మైదానం మీద తిరుగుతుంటే పచ్చిక మీద కదలకుండా నిలబడిపోయే మచ్చలు ఉంటాయే, అవే ఇవి.

ఆన్‌లైన్‌లో కొన్నా ఇవే పరీక్షలు, కాకపోతే రీప్లేస్‌మెంట్ గడువులోపు ఇంట్లో చేయాలి. అది మామూలుగా వారం, పది రోజులే ఉంటుంది. ఇన్‌స్టలేషన్ వాడు వచ్చి గోడకి బిగించి వెళ్ళిపోయాడు కదా అని ఊరుకుంటే ఆ గడువు కాస్తా అయిపోతుంది.

సరే, ప్యానెల్ తర్వాత డబ్బా మీద మిగిలిన మెడల్స్ సంగతి. హెచ్‌డీఆర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మోసమంతా ఇందులోనే ఎక్కువ. హెచ్‌డీఆర్ వీడియోలో ఏ బిందువు ఎన్ని నిట్ల వెలుగులో ఉండాలో నేరుగా రాసుంటుంది. సినిమాని సాధారణంగా 1000 నిట్లకో అంతకంటే ఎక్కువకో తయారుచేస్తారు. మన బడ్జెట్ టీవీ పడుతూ లేస్తూ 250, 300 నిట్లు ఇస్తుంది. అంటే వెయ్యి కోసం రాసిన బొమ్మని మూడొందల్లోకి కుదించాలి, అలా కుదిస్తే సూర్యుడూ దీపాలూ సరిపోతాయి గానీ మనుషులు చీకట్లోకి వెళ్ళిపోతారు. "కొత్త టీవీలో ఓటీటీ సినిమాలు చీకటిగా ఉన్నాయి, యూట్యూబ్ బాగానే ఉంది" అని ఎవరైనా అంటే కారణం చాలాసార్లు ఇదే. హెచ్‌డీఆర్‌లోనే డాల్బీ విజన్ అనే రకం ఉంటే ఈ కుదింపు ఒక్కో సీనుకి వేరుగా జరుగుతుంది కాబట్టి కొంచెం నయం, ఉంటే మంచిదే, దానికోసం మాత్రం రెండు మూడు వేలు ఎక్కువ పెట్టకండి. హెచ్‌డీఆర్ అని రాసుంటే ఆ సిగ్నల్ తీసుకోగలదని అర్థం, చూపించగలదని కాదు.

120 హెర్ట్జ్ కూడా ఇలాంటిదే. ఈ ధరలో తెరలు దాదాపు అన్నీ 60 హెర్ట్జ్‌వి. కొన్నింటి మీద డీఎల్‌జీ 120 అని ఉంటుంది, అంటే ఒక్కో వరసకి బదులు రెండేసి వరసల్ని కలిపి ఒకేసారి మార్చడం. వేగం రెట్టింపు అయ్యింది, నిలువు రిజల్యూషన్ సగమైంది. గేములాడే కుర్రాళ్ళకి పనికొస్తుందేమో, సెకనుకి 24 ఫ్రేములతో నడిచే సినిమాకి దీనివల్ల ఒరిగేది లేదు. క్యూఎల్‌ఈడీ అన్నది మాత్రం పూర్తి అబద్ధం కాదు, క్వాంటమ్ డాట్ పొర నిజంగా ఉంటే రంగులు చిక్కగా వస్తాయి. అది రంగుల పొర, నలుపుతో దానికి సంబంధం లేదు, 1000:1 తెర మీద వేసినా బూడిద పట్టీలు బూడిదగానే ఉంటాయి. ఇక డాల్బీ అట్మాస్ అని రాసున్న రెండు చిన్న స్పీకర్లు టీవీ అడుగున నేలవైపు తిరిగి ఉంటాయి. అంతకంటే చెప్పేదేం లేదు. ఏఆర్‌సీ ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టు ఉందో లేదో చూసుకుంటే తర్వాత ఎప్పుడైనా సౌండ్‌బార్ పెట్టుకోవచ్చు.

4కే అవసరమా అని కూడా అడుగుతుంటారు. మామూలు చూపున్న మనిషి 43 అంగుళాల తెర ముందు అయిదున్నర, ఆరడుగుల కంటే దూరంగా కూర్చుంటే ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడా పట్టుకోవడం కష్టం. మన హాళ్ళలో సోఫా ఎనిమిది, తొమ్మిది అడుగుల్లో ఉంటుంది. అయినా 43లో మంచి తెరలన్నీ ఇప్పుడు 4కేలోనే వస్తున్నాయి కాబట్టి అది దానంతటదే వస్తుంది, దాన్ని చూసి మురిసిపోనక్కర్లేదు.

స్మార్ట్ విషయానికి వస్తే నా లెక్క ఒకటే. ప్యానెల్ మార్చుకోలేం, కొత్త ప్యానెల్ వేయించాలంటే దాదాపు కొత్త టీవీ అంత అడుగుతారు. స్మార్ట్ భాగం పాడైనా, ముసలిదైనా, నాలుగైదు వేలు పెట్టి హెచ్‌డీఎంఐ పోర్టుకి ఒక స్ట్రీమింగ్ స్టిక్ తగిలించుకోవచ్చు. కాబట్టి డబ్బు తెర మీద పెట్టండి, స్మార్ట్‌లో ఒక కనీస గీత గీసుకుని దాని కిందకి మాత్రం దిగకండి. ఆ గీత ఎక్కడంటే, లైసెన్స్ ఉన్న సిస్టమ్ దగ్గర. తక్కువ ధర టీవీల్లో కొన్ని "ఆండ్రాయిడ్ టీవీ" అని అమ్ముతారు, లోపల ఉండేది ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోగల ఆండ్రాయిడ్, టీవీ కోసం గూగుల్ లైసెన్స్ ఇచ్చింది కాదు. అందులో నెట్‌ఫ్లిక్స్ తెరుచుకుంటుంది కూడా, కానీ వైడ్‌వైన్ ఎల్1 అనే అనుమతి లేకపోవడంతో పెద్ద ఓటీటీలు మామూలు డీవీడీ స్థాయి బొమ్మే పంపిస్తాయి. 4కే తెర మీద డీవీడీ బొమ్మ! ఎలా తెలుసుకోవాలంటే, సెట్టింగ్స్‌లో About లోపల Android TV OS అని వెర్షన్ ఉండాలి, టీవీ కోసం చేసిన ప్లే స్టోర్ ఉండాలి, ఫోన్ నుంచి యూట్యూబ్ క్యాస్ట్ నొక్కితే ఏ అదనపు యాప్ లేకుండా టీవీ పేరు కనిపించాలి. వేరే సిస్టమ్ ఉన్న టీవీలు, అంటే వెబ్‌ఓఎస్, టైజెన్, ఫైర్ టీవీ లాంటివి, వీటితో ఇబ్బంది లేదు, మీరు చూసే ఆహా, ఈటీవీ విన్ లాంటివి వాటి స్టోర్‌లో ఉన్నాయేమో షోరూమ్‌లోనే వెతికించుకోండి. ర్యామ్ 2 జీబీ, స్టోరేజ్ 8 జీబీ కంటే 16 జీబీ అయితే మంచిది, ఎందుకంటే ఎనిమిదిలో పెద్ద భాగం సిస్టమే తినేసి, ఆరు యాప్‌లు వేసేసరికి అప్‌డేట్లకి చోటుండదు.

మొన్న తెనాలిలో మా బాబాయి వాళ్ళకి టీవీ కొన్నప్పుడు ఈ లెక్కలన్నీ వేశాం. ఇరవై ఎనిమిది వేలు బడ్జెట్. మొదట 32 అనుకున్నారు, కానీ 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, 32కి అంతకుముందే 18 కాబట్టి పెద్ద సైజుకీ దానికీ మధ్య దూరం తగ్గింది. 43కి వెళ్దామన్నాను. మూడు మిగిలాయి. ఒకటి 23,500, క్యూఎల్‌ఈడీ, డీఎల్‌జీ, అట్మాస్, అన్నీ ఉన్నాయి, ర్యామ్ మాత్రం ఒకటిన్నర జీబీ, కాంట్రాస్ట్ ఎక్కడా రాయలేదు. రెండోది 26,900, మామూలు ఎల్‌ఈడీ, వీఏ తెర, 2 జీబీ, 16 జీబీ. మూడోది 27,500, ఐపీఎస్ తెర, మిగతావన్నీ రెండోదానిలాగే.

మొదటిది పక్కన పెట్టేశాం. బాబాయి కాస్త బాధపడ్డాడు, "ఒరేయ్, దీనికి అన్నీ ఉన్నాయిరా" అన్నాడు. ఉన్నాయి బాబాయ్, తెర ఏ రకమో ఒక్కటే చెప్పలేదు అన్నాను. నేనైతే కళ్ళు మూసుకుని రెండోదే తీసుకునేవాణ్ణి. హాల్లో సోఫా టీవీకి సరిగ్గా ఎదురుగా ఎనిమిదిన్నర అడుగుల్లో ఉంది, బాబాయి శని, ఆదివారాలు రాత్రిపూట సినిమాలు చూస్తాడు, వీఏకి ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు అనుకున్నా. కార్డు ఇచ్చేలోపు పిన్ని అడిగింది, మరి అత్తయ్య మంచం సంగతేంటి అని.

నానమ్మ దివాన్ మంచం పక్క గోడకి ఆనించి ఉంటుంది, అక్కడి నుంచి టీవీ బాగా ఏటవాలుగా, నలభై అయిదు డిగ్రీలకి పైనే కనిపిస్తుంది. మధ్యాహ్నం నుంచి రాత్రి భోజనాల దాకా సీరియళ్ళన్నీ ఆవిడవే. మంచం జరుపుదామంటే ఫ్యాను గాలి అక్కడే వస్తుంది, ఆవిడ ఒప్పుకోదు. షోరూమ్‌లో రెండు టీవీల ముందూ ఆ కోణంలో నిలబడి చూశాను. వీఏలో హీరోయిన్ ముఖం సున్నం రాసినట్టుంది. రోజుకి ఆరు గంటలు చూసే మనిషి ఒకవైపు, వారానికి రెండు రాత్రులు చూసే మనిషి ఇంకోవైపు. పైగా సీరియళ్ళు చూసేది పగలూ, లైటు వేసుకునీ, అప్పుడు నలుపు ఎలా ఉన్నా ఎవరికీ పట్టదు. ఇంతసేపూ వీఏ వీఏ అని పోరిన నేను ఐపీఎస్‌కే ఓటేశాను.

బాబాయి సినిమాల కోసం ఇంకో చిన్న ఏర్పాటు చేశాం. టీవీ వెనక గోడ మీదకి వెలుగు పడేలా ఒక చిన్న తెల్ల లైటు పెట్టాం, తెర మీద గానీ కళ్ళలోకి గానీ నేరుగా పడకుండా. గది పూర్తి చీకటిగా ఉంటే కంటిపాప విచ్చుకుని 0.3 నిట్ల బూడిదని కూడా పట్టేస్తుంది, పక్కన కొంచెం వెలుగుంటే అదే బూడిద నల్లగా అనిపిస్తుంది. టీవీ మారలేదు, కన్ను మారింది. ఖర్చు మూడొందలు.

ఇంటికొచ్చాక మోడ్ Cinemaకి మార్చి, షార్ప్‌నెస్ బాగా తగ్గించి, మోషన్ స్మూతింగ్ ఆపేశాను (సినిమాని సీరియల్‌లా చేసేది అదే, కావాలనుకుంటే క్రికెట్‌కి వేసుకోవచ్చు). ముఖ్యంగా Backlight వంద నుంచి అరవై అయిదుకి దించాను. Brightness వేరు, అది చాలా టీవీల్లో నలుపు స్థాయిని మార్చేది, దాన్ని కదపొద్దు. Backlight తగ్గించడం కంటికోసం మాత్రమే కాదు. చవక టీవీల్లో ముందుగా పోయేవాటిలో వెనక ఎల్‌ఈడీ పట్టీలు ఒకటి, వంద మీద నడిపితే వేడికి తొందరగా పోతాయి, వాటిలో ఎల్‌ఈడీలు వరసగా దండలా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి తెగిపోయినా ఆ వరసంతా ఆరిపోతుంది. నా పాత టీవీ మూడో ఏట అలాగే పోయింది. మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ లేదు. సర్వీసు నుంచి వచ్చినతను రెండు నిమిషాలు చూసి ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నాడు. అతను వెళ్ళాక తెరకి టార్చి ఏటవాలుగా ఆనించి చూస్తే లోపల బొమ్మ సన్నగా కదులుతోంది, అంటే ప్యానెల్ బతికే ఉంది, పోయింది లైటు. వీధి చివర మెకానిక్ పద్దెనిమిది వందలకి పట్టీలు మార్చాడు, ఇప్పటికీ నడుస్తోంది.

బాబాయికి ఆ టార్చి సంగతి చెప్పి, బిల్లూ వారంటీ కార్డూ ఫోటో తీసుకుని ఫోన్లో పెట్టుకోమన్నాను. ఈలోగా నానమ్మ రిమోట్ తీసుకుని ఇందులో నా సీరియల్ ఎక్కడ నొక్కాలో ముందు అది చూపించు అంది, చూపించడానికి ఆ సాయంత్రమంతా పట్టింది.